నలుగు పసుపు, పచ్చ నెట్ నీడ: చర్మాన్ని ముట్టుకోక ముందు వైట్ బ్యాలెన్స్ సరిచేసిన ఒక ఆల్బమ్ వివరాలు

తిరుపతిలో మేము చేసేది పెళ్ళి ఆల్బమ్‌ల ఎడిటింగ్. ఫోటోలు తీసేవారు వేరు. వారు పంపిన ఫైళ్ళలో రంగులు సరిచేయడం, ముఖాలపై రీటచింగ్ చేయడం, పేజీలు కూర్చి ప్రెస్‌కు పంపడం మా పని. ఇక్కడ వివరిస్తున్నది చిత్తూరు పక్కన ఒక పల్లెలో జరిగిన నలుగు వేడుక ఫోటోల సంగతి. కుటుంబం అనుమతితోనే రాస్తున్నాను కానీ పేర్లు, ఫోటోలు ఇవ్వడం లేదు.

ఫోటోగ్రాఫర్ పంపిన హార్డ్ డిస్క్‌లో, కెమెరా సెన్సర్ పట్టిన సమాచారం దిద్దకుండా ఉండే రా ఫైళ్ళతో పాటు ఆయన అప్పటికే కొంత ఎడిట్ చేసి ఇంటివారికి చూపించిన జేపెగ్‌లు కూడా ఉన్నాయి. ఆ జేపెగ్‌లు చూసిన పెళ్ళికూతురి తల్లి ఫోన్‌లో అన్న మాట ఇది: "మా పాప ఇంత నలుపు కాదు సార్. ముఖమంతా ఒక మాదిరి పాచి పట్టినట్టు ఉండాది. కొంచెం తెల్లంగా చేసి ఇయ్యండి." ఫోటోగ్రాఫర్ కూడా ఆర్డర్‌లో 'ఫేస్ ఫెయిర్' అనే రాశారు. ఇలాంటి కోరిక వచ్చినప్పుడు చర్మపు కాంతిని పెంచే స్లైడర్ మీదికి చెయ్యి పోవడం సహజమే. కానీ ఆ తల్లి చెప్పిన రెండు మాటల్లో పనికొచ్చేది మొదటిది కాదు, రెండోది. 'నలుపు' అన్నది ఆమె తీర్పు, 'పాచి పట్టినట్టు' అన్నది ఆమె కంటికి కనిపించిన విషయం. ముఖం పాచిరంగులోకి తిరిగిందంటే ముందు వెతకవలసింది వెలుతురు రంగును.

ఇంటి ముందు వాకిట్లో ఎండ పడకుండా పైన ఆకుపచ్చ షేడ్ నెట్ కట్టారు. కింద కళ్ళాపి చల్లి ముగ్గు వేశారు. ముగ్గు మధ్య పీట, పీట మీద పసుపు రంగు నూలు చీరలో పెళ్ళికూతురు, తలకు నూనె, ముఖానికీ చేతులకూ పసుపు, చుట్టూ ముత్తైదువలు. వెలుతురు ఏ రంగులో ఉన్నా తెలుపు తెల్లగా కనిపించేలా రంగులను దిద్దే వైట్ బ్యాలెన్స్ కెమెరాలో ఆటోలో ఉంది. అంటే చర్మం రంగును మార్చగలిగే కారణాలు ఈ దృశ్యంలో మూడు కలిసి ఉన్నాయి. నెట్‌లోంచి వడకట్టి దిగిన పచ్చటి వెలుతురు మొదటిది. చర్మం మీద నిజంగానే పూసిన పసుపు రెండోది. ఈ రెండింటినీ వేరుచేసి చూడలేక కెమెరా ఆటో చేసిన ఊహ మూడోది. ఇందులో మొదటిదీ మూడోదీ తప్పులు, వాటిని సరిచేయాలి. రెండోది వేడుక, అది ఫోటోలో ఉండాలి.

కెమెరా ఆటో ఎలా ఊహిస్తుందో తెలిస్తే ఈ ఫైళ్ళలో ఒక విచిత్రం అర్థమవుతుంది. ఫ్రేమ్‌లో ఏదైనా ఒక రంగు ఎక్కువగా ఉంటే, అది వెలుతురు రంగు కావచ్చునని అనుకుని కెమెరా దానికి ఎదురు రంగును కలుపుతుంది. వాకిలంతా కనిపించే దూరపు ఫోటోల్లో రకరకాల రంగులు ఉండటం వల్ల పెద్దగా దిద్దుబాటు జరగలేదు, పచ్చదనం అలాగే మిగిలింది. పెళ్ళికూతురు ఒక్కతే నిండుగా ఉన్న దగ్గరి ఫోటోల్లో చీర, పసుపు కలిసి ఫ్రేమంతా పసుపే కావడంతో కెమెరా నీలం వైపు లాగింది. అందువల్ల ఒకే నిమిషంలో, ఒకే పీట మీద తీసిన వరుస ఫోటోల్లో అదే ముఖం ఒకసారి పాచిగా, ఇంకోసారి బూడిదగా కనిపించింది. మనిషి చర్మం నిమిషంలో మారదు కాబట్టి, మారుతున్నది కెమెరా లెక్క అని చెప్పడానికి ఈ ఒక్క సాక్ష్యం చాలు.

ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లోని Auto కూడా ఇదే గోతిలో పడుతుంది. దగ్గరి ఫోటో ఒకదానికి దాన్ని నొక్కి చూస్తే ముఖం ఒక్కసారిగా తెల్లబడింది. పక్కన కూర్చున్నవారికి అది నచ్చేస్తుంది కూడా. అయితే పెదవులు ఊదా రంగులోకి పోయాయి, కళ్ళ కింద నీడ నీలంగా మారింది, చీర పసుపు వెలిసిపోయింది. ఫోటోలోని పసుపును తీసేస్తే వచ్చే తెలుపు అది. చామనచాయ మీద ఇలా నీలం కలిపితే చర్మం బూడిద పూసినట్టవుతుంది, దాని మీద ఎంత రీటచింగ్ చేసినా ప్రాణం రాదు.

వెలుతురు రంగా, పూసిన రంగా?

ఈ తేడా తేల్చడానికి చర్మాన్ని చూడకూడదు, ఎందుకంటే అనుమానం దాని మీదే కదా. పసుపు అంటని చోట వెలుతురు ఏ రంగులో ఉందో చూడాలి. నాకు అన్నిటికంటే ముందు పనికొచ్చింది నూనె పెట్టిన తల. నల్లటి జుట్టు మీద నూనె మెరుపు తన రంగును చూపదు, దాని మీద పడిన వెలుతురు రంగునే తిరిగి పంపుతుంది. ఫోటోను బాగా పెద్దది చేసి పాపిడి పక్కన మెరుపును చూస్తే అది స్పష్టంగా లేత ఆకుపచ్చగా ఉంది. వెనుక కూర్చున్న అవ్వ నెరసిన జుట్టూ అలాగే ఉంది. అక్కడ పసుపు లేదు కాబట్టి పచ్చదనం నెట్‌దేనని తేలిపోయింది.

తరువాత ప్రశ్న, ఆ పచ్చదనాన్ని ఎంత తీయాలి అన్నది. దీనికి ఫోటోలో ఏ రంగు వైపూ మొగ్గకుండా తటస్థంగా ఉండే వస్తువు ఒకటి కావాలి. ఇందుకోసమే వాడే తటస్థ బూడిదరంగు గ్రే కార్డు పెట్టి తీసిన ఫ్రేమ్ లేదు. తెల్ల పంచె కట్టుకున్న పెద్దాయన ఒకరు పక్కనే ఉన్నారు కానీ, నీలిమందు పెట్టి ఉతికిన పంచెను నేను నమ్మను. అందులో నిజంగానే నీలం ఉంటుంది, పైగా డిటర్జెంట్లలోని మెరుపు రసాయనాలు పగటి వెలుతురులోని కంటికి కనిపించని అతినీలలోహిత కిరణాలను కూడా నీలంగా మార్చి పంపుతాయి. దాన్ని తటస్థం అనుకుని ఐడ్రాపర్ నొక్కితే సాఫ్ట్‌వేర్ ఆ నీలాన్ని కొట్టేయడానికి ఫోటో మొత్తాన్ని పసుపు వైపు తోస్తుంది. స్టీలు బిందె చుట్టూ ఉన్న చీరల రంగులను అద్దంలా చూపిస్తోంది. పళ్ళు, కనుగుడ్ల తెలుపు ఎప్పుడూ పూర్తి తెలుపు కావు.

మిగిలింది ముగ్గు. ఇంటివారిని అడిగితే అది బియ్యప్పిండి కాదని, అంగట్లో కొన్న రాతిపొడి ముగ్గని చెప్పారు. బియ్యప్పిండికి కొంచెం మీగడ రంగు ఉంటుంది, తెల్ల రాతిపొడి తటస్థానికి చాలా దగ్గర. దానికి మెరుపు లేదు, పీట పక్కనే ఉంది, ముఖం మీద పడుతున్న నెట్ వెలుతురే దాని మీదా పడుతోంది. అయితే ముగ్గు గీత సన్నగా ఉన్నచోట కింది కళ్ళాపి నేల రంగు అందులో కలుస్తుంది, కాబట్టి పొడి మందంగా పడిన చుక్కల మధ్యన మాత్రమే కొలిచాను. అక్కడి ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఛానెళ్ళ విలువలు గరిష్ఠమైన 255 దగ్గరికి వెళ్ళకుండా చూసుకోవడం కూడా అవసరమే. ఒక ఛానెల్ నిండిపోయి కోసుకుపోయిన తెలుపు మీద నొక్కితే వచ్చే జవాబు ఎప్పుడూ తప్పే అవుతుంది.

ఒక ఫ్రేమ్ మీద చేసిన లెక్క

పెళ్ళికూతురు, ముగ్గు, తల్లి ముంజేయి మూడూ స్పష్టంగా ఉన్న ఒక మధ్యస్థ దూరపు ఫ్రేమ్‌ను నమూనాగా ఎంచుకున్నాను. ముందు కెమెరా ప్రొఫైల్‌ను నిర్ణయించి, దాన్ని ఇక మార్చలేదు, ఎందుకంటే ప్రొఫైల్ మారితే చర్మం రంగు కూడా కదులుతుంది. కెమెరా తానే ఎంచుకున్న As Shot విలువల్లో, నీలం-పసుపును కదిపే Temp సుమారు 5350 కెల్విన్, ఆకుపచ్చ-మెజెంటాను కదిపే Tint +6. ముగ్గు చుక్క మీద ఎరుపు 184, ఆకుపచ్చ 208, నీలం 178 ఉన్నాయి. మూడూ దాదాపు సమానంగా ఉండవలసిన చోట ఆకుపచ్చ ఇంత ఎక్కువగా ఉంది. ఎరుపు, నీలం మధ్య తేడా స్వల్పం కాబట్టి Temp స్లైడర్‌తో పని తక్కువ, లోపమంతా Tint లో ఉందని ఈ మూడు అంకెలే చెబుతున్నాయి. చాలామంది ముఖం పసుపుగా కనిపించగానే Temp తగ్గిస్తారు. ఇక్కడ అలా చేసి ఉంటే పచ్చదనం అక్కడే ఉండగా దానిపై నీలం చేరి ముఖం ఇంకా దెబ్బతినేది. Temp ను 5050 కి, Tint ను +38 కి తెచ్చినప్పుడు ముగ్గు మూడు ఛానెళ్ళలోనూ 200 దగ్గర కుదురుకుంది.

ఇప్పుడు ముఖం చూద్దాం. చెవి ముందు, పసుపు అంటని ఒక చిన్న భాగంలో చర్మం దిద్దుబాటుకు ముందు 154, 131, 87 గా ఉండేది. దిద్దిన తరువాత 168, 126, 98 అయింది. రంగు చక్రంలో ఎరుపు సున్నా డిగ్రీలు, ఆరెంజ్ 30, పసుపు 60 అనుకుంటే, ఆ చర్మం 39 డిగ్రీల నుండి 24 డిగ్రీలకు వచ్చింది. పసుపు పూసిన బుగ్గ మీద అదే సమయంలో 48 నుండి 38 కి మాత్రమే దిగింది. అంటే నెట్ పచ్చ తొలగింది, పూసిన పసుపు పసుపుగానే నిలిచింది, ఒంటి చర్మానికీ పసుపుకూ మధ్య తేడా ముందుకంటే స్పష్టమైంది.

ఈ లెక్కలో నాకు ఆసక్తి కలిగించిన విషయం ఇంకొకటి ఉంది. చెవి ముందు చర్మపు ప్రకాశాన్ని రెండు సందర్భాల్లోనూ లెక్కగడితే దాదాపు 133 దగ్గరే ఉంది. అంటే ముఖం ఒక్క పిసరు కూడా తెల్లబడలేదు. అయినా ఈ ఫ్రేమ్‌ను తల్లి పగటి వెలుతురులో చూశాక, "ఇదిగో, ఇట్లుంటాది మా పాప" అన్నారు. తెల్లగా చేయమన్న మాట మళ్ళీ రాలేదు. ఆకుపచ్చ కలిసినప్పుడు చర్మంలోని ఎరుపు కుంగిపోతుంది, ఆ కుంగుబాటునే ఇళ్ళలో 'నలుపు' అంటారు. ఎక్స్‌పోజర్ నిజంగానే తక్కువై ముఖం చీకటిగా ఉన్న సందర్భాలూ ఉంటాయి కానీ, అది వైట్ బ్యాలెన్స్ సరయ్యాకనే తేలుతుంది.

చర్మానికి ఒక నిర్ణీత అంకె ఉందని, అందరినీ అక్కడికే తేవాలని దీనర్థం కాదు. తెలుపు, చామనచాయ, నలుపు ఏ ఛాయ అయినా మామూలు వెలుతురులో మనుషుల చర్మపు హ్యూ, అంటే రంగు చక్రంలో దాని స్థానం, ఎరుపుకూ పసుపుకూ మధ్య, ఆరెంజ్ చుట్టూ ఒక ఇరుకైన పట్టీలోనే తిరుగుతుంది, తేడా ఎక్కువగా ప్రకాశంలోనూ రంగు గాఢతలోనూ ఉంటుంది. ఆ పట్టీ బయట ఉంటే అనుమానించడానికి అది పనికొస్తుంది. లోపల ఎక్కడ ఉండాలో మాత్రం ఆ మనిషి చెప్పాలి. అందుకే ముగ్గుతో వచ్చిన జవాబును మరో రెండు చోట్ల సరిచూసుకున్నాను. పసుపు అంటని తల్లి ముంజేయి వెనుక భాగం ఒకటి, అదే పెళ్ళికూతురిని మరుసటి రోజు ఉదయం నెట్ లేని ఆరుబయట నీడలో తీసిన ఫోటో రెండోది. రెండూ ఒప్పుకున్నాయి.

ముందే తెల్లగా చేసిన జేపెగ్‌లలో ఏం జరిగింది

ఫోటోగ్రాఫర్ చూపించిన జేపెగ్‌లను ఇక్కడ పక్కన పెట్టి చూడటం ఉపయోగకరం, ఎందుకంటే అదే ఫ్రేమ్‌కు పని వరుస తలకిందులైతే ఏమవుతుందో వాటిలో కనిపిస్తుంది. ఆయన వైట్ బ్యాలెన్స్‌ను ముట్టుకోకుండా, రంగుల విభాగంలో ఆరెంజ్ Luminance పెంచి ముఖాన్ని వెలిగించారు. మామూలు వెలుతురులో చర్మం ఆరెంజ్ గీతకు దగ్గర ఉంటుంది కాబట్టి ఆ స్లైడర్ ముఖాన్ని సమంగా పట్టుకుంటుంది. కానీ ఇక్కడ చర్మం 39 దగ్గర ఉంది, అంటే ఆరెంజ్‌కూ పసుపుకూ నడుమ. దాంతో ముఖంలో కొంత భాగం ఆరెంజ్ స్లైడర్‌కు లొంగింది, కొంత లొంగలేదు. నుదురు వెలిగింది, పసుపు పూసిన బుగ్గ కిందే ఉండిపోయింది, రెంటి మధ్య మచ్చలాంటి అంచు ఏర్పడింది. ఆ అంచును దాచడానికి చర్మాన్ని నున్నగా చేసే ఫిల్టర్ వేశారు. దానితో పసుపు ఆరి పొడిపొడిగా రాలే ఆ సహజమైన గరుకుదనం పోయి, ముఖం సుద్ద పూసినట్టయింది.

ప్రయోగం కోసం ఆ జేపెగ్ మీద నా దిద్దుబాటును వేసి చూశాను. నెట్ పచ్చ పోయిన మాట నిజమే కానీ, ముందే వెలిగించిన నుదురు గులాబీ రంగులోకి వెళ్ళింది, బుగ్గ గోధుమరంగులో ఉండిపోయింది. తప్పు రంగు మీద కొలిచి చేసిన ప్రతి మార్పూ, రంగు సరైన తరువాత ఒక కొత్త తప్పుగా బయటపడింది. కాబట్టి వాటిని వదిలేసి అన్నిటికీ రా ఫైళ్ళ నుండే మొదలుపెట్టాను.

నెట్ కింద అంతా ఒకే వెలుతురు కాదు

నెట్‌కు తూర్పు వైపు కొంచెం సందు ఉండటంతో కొన్ని ఫ్రేముల్లో పెళ్ళికూతురి కుడి భుజం మీద, చెంప అంచు మీద నేరుగా ఎండ పడింది. ముగ్గుకు సరిపడిన Tint +38 ఆ ఎండ పడిన చోట ఎక్కువవుతుంది, అక్కడ చర్మం మెజెంటాగా మారుతుంది. ఫోటో మొత్తానికి రెండు వెలుతురులకూ సర్దుకునేలా మధ్యలో ఒక విలువ పెట్టడం చాలామంది చేసే పని. నేను అది చేయను, ఎందుకంటే అప్పుడు ముఖం రెండు వైపులా తప్పే అవుతుంది. ముఖంలో ఎక్కువ భాగం ఏ వెలుతురులో ఉందో దానికి మొత్తం ఫోటోను సరిచేసి, ఎండ ముక్క మీద మాత్రం బ్రష్‌తో మాస్క్ గీసి Tint ను ఆకుపచ్చ వైపు వెనక్కి తెచ్చాను. మాస్క్ అంచును ఎండ అంచుకు సరిగ్గా కలపడం ఇందులో ఓపికతో చేయవలసిన పని. అది కొంచెం బయటికి పోతే నీడలో పాచి గీత మిగులుతుంది.

గడ్డం కింద మాత్రం వేరే సంగతి. పసుపు చీర మీద పడిన వెలుతురు పైకి లేచి గడ్డానికీ మెడకూ పసుపు ఛాయ ఇస్తోంది. ఇది వైట్ బ్యాలెన్స్ లోపం కాదు, చీర అక్కడ ఉన్నందువల్ల కళ్ళెదుట నిలబడినవారికీ కనిపించేదే. పూర్తిగా తీసేస్తే ముఖం వేరే ఫోటో నుండి తెచ్చి అతికించినట్టు ఉంటుంది. కాబట్టి మెడ దగ్గర గాఢతను కొద్దిగా తగ్గించి వదిలేశాను.

నమూనా ఫ్రేమ్ విలువలను మిగతా రా ఫైళ్ళకు కాపీ చేయడం తేలిక, ఎందుకంటే అక్కడ కాపీ అయ్యేది కెల్విన్ అంకె కాబట్టి కెమెరా ఆటో ఫ్రేమ్ ఫ్రేముకూ చేసిన మార్పులన్నీ తుడిచిపెట్టుకుపోతాయి. అయితే పొద్దెక్కే కొద్దీ నెట్‌లోంచి దిగే ఎండ పాలు పెరిగి పచ్చదనం తగ్గింది. చివరి భాగం ఫోటోలకు Tint +30 సరిపోయింది. ముగ్గు కనిపించే ఫ్రేమ్ మధ్య మధ్య దొరుకుతూ ఉండటంతో ఈ మార్పును ఊహించకుండా కొలవగలిగాను.

బంధువుల ఫోన్లలో తీసిన కొన్ని జేపెగ్‌లను కూడా ఆల్బమ్‌లో పెట్టమన్నారు. వాటికి ఈ సౌకర్యం లేదు. జేపెగ్‌లో వైట్ బ్యాలెన్స్ అప్పటికే ఫోటోలో కలిసిపోయి ఉంటుంది, Temp స్లైడర్ కెల్విన్‌లో కాక −100 నుండి +100 వరకు మాత్రమే చూపుతుంది, కాపీ చేసినా ఒక్కో ఫోటోలో ఒక్కో ఫలితం వస్తుంది. వాటిని ఒక్కొక్కటిగా కర్వ్స్‌లో, ఆకుపచ్చ ఛానెల్ మధ్య భాగాన్ని దించి సరిచేశాను. వెలుతురు భాగాలు కోసుకుపోయిన రెండు ఫోటోల్లో ముగ్గుకు ఒక విలువ, ముఖానికి ఒక విలువ వచ్చి ఎక్కడా కుదరలేదు. వాటిని చిన్న సైజులో మాత్రమే వాడమని సలహా ఇచ్చాను.

ఇవన్నీ అయ్యాక అసలు రీటచింగ్‌కు మిగిలింది కొద్దిగానే. గడ్డం మీద రెండు మొటిమలు, నిద్రలేని కళ్ళ కింద నీడను కొంత తగ్గించడం, ముక్కు మీద నూనె మెరుపును కాస్త అణచడం. ఆరెంజ్ Luminance ను ఏ ఫ్రేములోనూ కదపలేదు. ఫోటోగ్రాఫర్ మాత్రం చూసి, ఇంకొంచెం తెల్లగా ఉంటే బాగుండేదేమో అన్నారు. అది ఇంటివారు చెప్పాల్సిన మాట అని, వారిని అడిగి చెప్పమన్నాను.

తల్లికి నమూనాలు పంపేటప్పుడు ఒక చిక్కు వచ్చింది. మొదట పంపిన ఫోటోను ఆమె రాత్రి చూసి, "మళ్ళీ పసుపుగానే ఉంది" అన్నారు. ఆమె ఫోన్‌లో కళ్ళకు హాయిగా ఉండటానికి రాత్రిపూట తెరను పసుపుగా మార్చే సెట్టింగ్ ఆన్‌లో ఉంది. దాన్ని ఆపి, పగలు ఇంటి నీడలో చూడమన్నాక ఒప్పుకున్నారు. ఇప్పుడు నమూనాలు పంపే ప్రతి ఒక్కరికీ ఆ మాట ముందే చెబుతున్నాము, ప్రెస్‌కు వెళ్ళే ముందు ఒక పసుపు ముఖం, ఒక మామూలు ముఖం ఉన్న చిన్న ప్రింట్ తీసి పగటి వెలుతురులో చూపిస్తున్నాము.

ఫోటోగ్రాఫర్‌తో మాట్లాడి రెండు విషయాలు కుదుర్చుకున్నాము. నెట్ కింద తీసేటప్పుడు ఆటో తీసేసి ఏదో ఒక కెల్విన్ విలువ మీద స్థిరంగా ఉంచాలి. అది తప్పు విలువ అయినా ఫరవాలేదు, అన్ని ఫ్రేముల్లో ఒకే తప్పు ఉంటే ఒకేసారి దిద్దవచ్చు. రెండోది, పసుపు పూయడం మొదలుపెట్టక ముందు పెళ్ళికూతురి చేతికి గ్రే కార్డు ఇచ్చి, ముఖం పక్కన పట్టుకోమని ఒక ఫ్రేమ్ తీయాలి. నెట్ సందులోంచి ఎండ జరిగినప్పుడల్లా ఇంకొకటి తీయాలి. ప్రతిసారీ ముగ్గును నమ్ముకోలేము, ఎందుకంటే కళ్యాణ మండపంలో స్టేజీ మీద ముగ్గు ఉండదు, ఉన్నా దాని మీద రంగు లైట్లు పడతాయి.